బొబ్బిలి యుద్ధం జరిగి ఎన్ని రోజులైంది? ముగ్గురం లెక్కేస్తే మూడు సమాధానాలు

వేగావతి_కుర్రాడు (బొబ్బిలి)

అందరికీ నమస్కారం. ఈ జనవరి 24, శనివారం నాడు మా వీధి కుర్రాళ్లం కలిసి యుద్ధం జ్ఞాపకంగా చిన్న కార్యక్రమం పెట్టుకుంటున్నాం. ఫ్లెక్సీ మీద ఎప్పటిలా "269 ఏళ్లు" అని కాకుండా, కొత్తగా ఉంటుందని "యుద్ధం జరిగి నేటికి ఇన్ని రోజులు" అని వేద్దామనుకున్నాం. తేదీ 1757 జనవరి 24. అక్కడి నుంచి 2026 జనవరి 24 వరకు.

నేను 269ని 365.25తో గుణించాను. 98,252 పైన పావు వచ్చింది. మా తమ్ముడు ఫోన్‌లో ఏదో యాప్‌లో కొడితే 98,251 వచ్చింది. మా పక్కింటి డిగ్రీ అబ్బాయి చేత్తో వేసి 98,250 అంటున్నాడు. ఎక్సెల్‌లో చూద్దామని రెండు తేదీలూ కొట్టి తీసివేస్తే `#VALUE!` అని చూపిస్తోంది. ఫ్లెక్సీ రేపు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ముగ్గురిలో ఎవరిది కరెక్టు? "జూలియన్ డే నంబరు" అని ఒకటుందట, దాంతో తేలిపోతుందని ఎక్కడో చదివాను. అదెలా వాడాలో కూడా చెప్పండి.

పలాస_జీడి

తమ్ముడూ, జూలియన్ డేటంటే మాకు రోజూ ఉండే పనే. జీడిపప్పు డబ్బాల మీద బ్యాచ్ నంబరులో అయిదంకెలు కొడతాం. 25313 అనుకో. మొదటి రెండంకెలు 2025, తర్వాత మూడు అంకెలు ఆ ఏడాదిలో ఎన్నో రోజో. 313 అంటే నవంబరు 9. పెద్ద తేదీలోంచి చిన్న తేదీ తీసేస్తే చాలు, రోజులు వచ్చేస్తాయి. నీది 26024లోంచి 57024 తీసెయ్యాలి. కాకపోతే మధ్యలో వందల ఏళ్లున్నాయి కదా, అదెలాగో చూసుకో.

రాజాం_మాస్టారు

(రాజాం. ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం జిల్లా. నేను మాత్రం కదల్లేదు.)

పలాస బాబూ, మీ అయిదంకెల నంబరు ఒకే ఏడాదిలోని డబ్బాలకు బాగానే పనిచేస్తుంది. డిసెంబరు దాటి జనవరిలోకి వచ్చారంటే తీసివేత పాడైపోతుంది. 25365 తర్వాత వచ్చేది 25366 కాదు కదా, 26001. ఒక్క రోజు గడిస్తే తేడా 636 చూపిస్తుంది. పైగా 57 అంటే 1757నా, 1957నా అన్నది మీ డబ్బా చెప్పదు.

అయినా ఏడాదిలో ఎన్నో రోజు అన్న సంఖ్య పనికిమాలినదేమీ కాదు. ఈ బొబ్బిలి లెక్కలో అదే మన పని సులువు చేస్తోంది. రెండు తేదీలూ తమ తమ సంవత్సరాల్లో 24వ రోజే. కాబట్టి అటు ఇటు మిగిలే ముక్కల బాధ లేదు, నిండు సంవత్సరాలు లెక్కేస్తే సరిపోతుంది. 269ని 365తో గుణిస్తే 98,185. దానికి ఫిబ్రవరి 29లు ఎన్ని తగిలాయో కలపాలి. 1760 నుంచి 2024 దాకా నాలుగేళ్లకొకటి చొప్పున 67 వస్తాయి. వాటిలో 1800, 1900 లీపు సంవత్సరాలు కావు. 2000 మాత్రం లీపే. 67లో 2 పోతే 65. మొత్తం 98,250.

డిగ్రీ అబ్బాయిదే కరెక్టు. నీ 365.25లో ఆ 1800, 1900 లీపులు కూడా కలిసిపోయాయి, అందుకే రెండు రోజులు ఎక్కువ వచ్చింది. ఆ పావు రోజేమో, 269 ఏళ్లు సరిగ్గా నాలుగేళ్ల కట్టల్లో సర్దుకోకుండా ఒక ఏడాది మిగిలిపోయింది గనుక వచ్చింది. నిజం రోజుల్లో పావు ఉండదు. లెక్కలో పావు కనిపించిందంటే అది సగటు లెక్క, ఫ్లెక్సీ మీద వేసే లెక్క కాదు.

వేగావతి_కుర్రాడు

థాంక్యూ మాస్టారూ! మరి యాప్‌లో 98,251 ఎందుకొచ్చింది?

రాజాం_మాస్టారు

యాప్‌లో "చివరి రోజును కూడా కలుపు" అన్న చోట టిక్కు పెట్టి ఉంటుంది, తమ్ముణ్ణి చూసుకోమను. సోమవారం నుంచి బుధవారానికి ఎన్ని రోజులు అంటే రెండు. సోమ, మంగళ, బుధ కలిపి ఎన్ని రోజులు పని చేశావు అంటే మూడు. రెండూ సరైన జవాబులే, ప్రశ్నలు వేరు. "యుద్ధం జరిగి" అన్నావు కాబట్టి నీకు కావలసింది మొదటిది, 98,250.

కోటగుమ్మం (విజయనగరం)

మాస్టారు లెక్క బాగుంది గానీ ఒక పెద్ద విషయం మర్చిపోయారు. పాత కాలంలో ఇంగ్లీషు వాళ్ల క్యాలెండరు వేరు, దాన్ని మార్చినప్పుడు 11 రోజులు ఎగరగొట్టేశారు. 18వ శతాబ్దం తేదీ ఏదైనా సరే ఆ 11 రోజులు సర్దుకోవాలి. కాబట్టి అసలు జవాబు 98,239. ఫ్లెక్సీ మీద తప్పు వెయ్యకండి.

వేగావతి_కుర్రాడు

బొబ్బిలికి విజయనగరం వాళ్లు ఏదో ఒకటి తగ్గించడం కొత్తేమీ కాదులెండి 😀 కానీ ఇప్పుడు నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

నాగావళి_నక్షత్రం (శ్రీకాకుళం)

టెన్షన్ పడకు తమ్ముడూ. కోటగుమ్మం గారు చెప్పిన 11 రోజుల కథ నిజమే, అది మన తేదీకి తగలదంతే. ఇంగ్లండు ఆ మార్పు చేసింది 1752లో. సెప్టెంబరు 2 మర్నాడు సెప్టెంబరు 14 అన్నారు. బొబ్బిలి యుద్ధం 1757లో, అంటే మార్పు జరిగిన నాలుగేళ్ల తర్వాత. ఇక బుస్సీ ఫ్రెంచి వాడు, ఫ్రాన్సు 1582లోనే మారిపోయింది. 1757 జనవరిలో ఇంగ్లీషు వాడు రాసినా ఫ్రెంచి వాడు రాసినా ఒకే తేదీ. 18వ శతాబ్దమంతటికీ కలిపి ఒక సవరణ ఉండదండీ. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నది చూడాలి.

ఇక నువ్వడిగిన జూలియన్ డే నంబరు. దీన్ని ఒక పొడవాటి టేపు అనుకో. నెలలు లేవు, ఏళ్లు లేవు, లీపులు లేవు. క్రీస్తు పూర్వం 4713 జనవరి 1, పాత జూలియన్ క్యాలెండరు ప్రకారం సున్నా. అక్కడి నుంచి రోజుకొక్క అంకె పెరుగుతూ వచ్చింది. రెండు తేదీలను ఆ టేపు మీద పెట్టి ఒకదాన్లోంచి ఒకటి తీసెయ్యడమే. లీపుల గొడవంతా తేదీని టేపు మీదికి ఎక్కించేటప్పుడు ఒక్కసారే పడాలి.

మనం వాడే క్యాలెండరు తేదీకి సూత్రం ఇది. భాగహారం చేసిన చోటల్లా శేషం వదిలెయ్యాలి.

```
a = (14 - month) / 12
y = year + 4800 - a
m = month + 12*a - 3
JDN = day + (153*m + 2)/5 + 365*y + y/4 - y/100 + y/400 - 32045
```

బొబ్బిలికి వేసి చూపిస్తాను. నెల 1 కాబట్టి 13ని 12తో భాగిస్తే a = 1. y = 1757 + 4800 - 1 = 6556. m = 1 + 12 - 3 = 10. ఇప్పుడు 153×10 + 2 = 1532, 5తో భాగిస్తే 306. 365×6556 = 2392940. 6556లో నాలుగో వంతు 1639, వందో వంతు 65, నాలుగు వందలో వంతు 16.

24 + 306 + 2392940 + 1639 - 65 + 16 - 32045 = 2362815.

2026 జనవరి 24కి ఇలాగే వేస్తే 2461065. తేడా 98,250. మాస్టారి లెక్కే.

వేగావతి_కుర్రాడు

అక్కా, లెక్క అర్థమైంది. కానీ జనవరికి సంవత్సరంలో ఒకటి తగ్గించి, నెలను 10 చేశారేంటి? ఆ 153 ఎక్కడిది?

నాగావళి_నక్షత్రం

మంచి ప్రశ్న. జనవరి, ఫిబ్రవరి తేదీల్లో జనం తప్పు చేసేది సరిగ్గా అక్కడే. లీపు రోజు ఫిబ్రవరి చివర వస్తుంది, అంటే ఏడాది మధ్యలో ఎక్కడో దూరుతుంది. దాని తర్వాత నెలలన్నీ ఒక రోజు జరుగుతాయి. అందుకని సూత్రం ఏడాదిని మార్చితో మొదలుపెడుతుంది. మార్చి 0, ఏప్రిల్ 1, అలా జనవరి 10, ఫిబ్రవరి 11. ఇప్పుడు లీపు రోజు ఏడాదికి ఆఖరి రోజు అయిపోయింది, దాని వల్ల జరిగే నెలలు లేవు. అందుకే జనవరి, ఫిబ్రవరి ముందటి ఏడాది ఖాతాలోకి పోతాయి.

మార్చి నుంచి జులై దాకా అయిదు నెలల రోజులు కలిపి చూడు: 31, 30, 31, 30, 31. మొత్తం 153. ఆగస్టు నుంచి డిసెంబరు దాకా కూడా అదే వరస, అదే 153. ఆ అయిదు నెలల కట్టనే సూత్రంలో పెట్టారు.

కోడ్_చీపురుపల్లి

ఇంత కష్టం ఎందుకండీ, పైథాన్‌లో రెండు లైన్లు.

```python
from datetime import date
print((date(2026,1,24) - date(1757,1,24)).days)
```

98250 వస్తుంది. ఎక్సెల్ సంగతి కూడా చెప్పేస్తాను. దానికి తేదీలు 1900 జనవరి 1 నుంచే మొదలు. 1757 అని కొడితే దాన్ని తేదీగా కాకుండా మామూలు అక్షరాలుగా తీసుకుంటుంది, అందుకే `#VALUE!`. సెల్‌లో తేదీ ఎడమ పక్కకు అతుక్కుని కనిపిస్తే అది తేదీ కాదని అర్థం.

కోటగుమ్మం అన్నయ్యకి ఆ 11 రోజులు కళ్లతో చూడాలనుంటే, లైనక్సులో `cal 9 1752` కొట్టండి:

```
   September 1752
Su Mo Tu We Th Fr Sa
       1  2 14 15 16
17 18 19 20 21 22 23
24 25 26 27 28 29 30
```

2 బుధవారం, మర్నాడు గురువారం 14. తేదీలు గెంతాయి గానీ వారం గెంతలేదు.

కోటగుమ్మం

బాగుంది, ఒప్పుకుంటున్నా. 1757కి 11 తీసెయ్యక్కర్లేదు. కానీ 1752 ముందు తేదీ అయితే నా మాటే నెగ్గుతుంది. ఆ సంగతి మళ్లీ వస్తాను.

రిటైర్డ్_ఆమదాలవలస

నాది కూడా రోజుల లెక్కే, ఇక్కడే అడిగేస్తున్నాను. 1988 మార్చి 1న చేరాను, 2023 ఫిబ్రవరి 28న దిగిపోయాను. నా సర్వీసు 12,783 రోజులని నా లెక్క. ఆఫీసులో గుమాస్తా 12,782 అని రాశాడు. నేను డైరీ ముందేసుకుని వేశాను. డైరీలో ప్రతి పేజీ కింద ఏడాదిలో ఎన్నో రోజో అచ్చు వేస్తారు కదా. మార్చి 1 కింద 60 అని ఉంది. 1988 లీపు కాబట్టి 366లోంచి 60 పోగా 306. 1989 నుంచి 2022 దాకా 34 ఏళ్లు, ఎనిమిది లీపులతో 12,418. 2023లో 59. మొత్తం 12,783. ఒక్క రోజే అనుకోకండి, ఆ ఒక్క రోజు కోసం మూడుసార్లు మెట్లెక్కాను.

రాజాం_మాస్టారు

రిటైర్డ్ గారూ, మీ జవాబు కరెక్టు, మీ దారి కాదు. మీరు చూసింది ఏ ఏడాది డైరీ? 60 అని ఉందంటే మామూలు సంవత్సరానిది. 1988 లీపు గనుక ఆ ఏడాది మార్చి 1 అనేది 61వ రోజు. 366లోంచి 61 తీస్తే 305. అవి మార్చి 1 తర్వాత మిగిలిన రోజులు. మీరు మార్చి 1న కూడా పని చేశారు కాబట్టి ఒకటి కలపాలి, 306. మీరు తప్పు డైరీ వల్ల ఒక రోజు ఎక్కువ తెచ్చుకుని, చేరిన రోజును కలపడం మర్చిపోయి ఒక రోజు పోగొట్టుకున్నారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి.

గుమాస్తా తేదీలోంచి తేదీ తీసేసి ఊరుకున్నాడు. పనిచేసిన రోజులు కావాలంటే మొదటి రోజు, చివరి రోజు రెండూ లెక్కలోకి రావాలి, కాబట్టి ఒకటి కలపాలి. అతనికి చెప్పేటప్పుడు మాత్రం మీ డైరీ లెక్క చూపించకండి, పట్టుకుంటాడు.

రిటైర్డ్_ఆమదాలవలస

ఇన్నాళ్లూ ఆ కాగితమే చూపిస్తున్నాను మాస్టారూ.

వేగావతి_కుర్రాడు

ఫ్లెక్సీకి 98,250 ఖాయం చేసేశాను. ఇప్పుడు ఇంకో ఆలోచన వచ్చింది. లక్ష రోజులు ఎప్పుడు నిండుతాయి? ఆ రోజు పెద్ద ఎత్తున చేద్దామని మావాళ్లు అప్పుడే ఎగురుతున్నారు.

నాగావళి_నక్షత్రం

టేపు అందం ఇక్కడే కనిపిస్తుంది. 2362815కి లక్ష కలిపితే 2462815. అంతే, ఇక దాన్ని తేదీగా మార్చడమే మిగిలింది. వెనక్కి మార్చే సూత్రం వేరే ఉంది గానీ చేత్తో వేసేవాళ్లకు దానికన్నా తేలిక దారి, తెలిసిన ఒక మేకు పట్టుకుని నడవడం.

నేను గుర్తుపెట్టుకున్న మేకు 2000 జనవరి 1 = 2451545. అక్కడి నుంచి 2030 జనవరి 1కి 30 ఏళ్లు, 10,950 రోజులు, పైన ఎనిమిది లీపు రోజులు. అంటే 2030 జనవరి 1 = 2462503. మనకు కావలసింది 2462815. తేడా 312. జనవరి 1 మొదటి రోజు కాబట్టి మనది 313వ రోజు. ఇక్కడ ఒకటి కలపడం మర్చిపోతే ఒక రోజు ముందే ఆగిపోతాం.

2030 లీపు కాదు, అక్టోబరు చివరికి 304 రోజులు. 313లోంచి 304 పోతే 9. 2030 నవంబరు 9.

పలాస_జీడి

313! నేను మొదటే చెప్పానుగా నవంబరు 9 అని 😄 మా డబ్బా లెక్క పనికొచ్చింది.

నాగావళి_నక్షత్రం

పనికొచ్చింది అన్నా. పెద్ద దూరం టేపు మీద నడిచి, చివరి ఏడాదిలోకి వచ్చాక మీ మూడంకెల్లోకి దిగాం. రెండూ కలిపి వాడేది ఇలాగే. లీపు ఏడాదైతే మాత్రం 313 నవంబరు 8 అవుతుంది, మీ డబ్బాల మీద కూడా 2028లో చూసుకోండి.

కోడ్_చీపురుపల్లి

సరిచూశాను. పై మొదటి లైనులో `timedelta` కూడా ఇంపోర్ట్ చేసుకుని `date(1757,1,24) + timedelta(days=100000)` ఇస్తే 2030-11-09 వచ్చింది. శనివారం.

రాజాం_మాస్టారు

పిల్లలూ, ఒక్క మాట. యుద్ధం రోజును ఒకటో రోజుగా లెక్కపెడితే లక్షో రోజు నవంబరు 8 శుక్రవారం అవుతుంది. లక్ష రోజులు నిండేది 9 శనివారం. ఫ్లెక్సీ మీద "లక్షవ రోజు" అని వేసి 9న చేస్తే నాలాంటి వాడెవడో లేచి నిలబడతాడు. "లక్ష రోజులు నిండాయి" అని వెయ్యండి.

సిద్ధాంతి_మనవడు (అరసవల్లి)

మీరంతా ఇంగ్లీషు లెక్కల మీద పడ్డారు గానీ ఈ టేపు మన పంచాంగాల్లో ఎప్పటి నుంచో ఉంది. అహర్గణం అంటారు. కలియుగం మొదలైన రోజు నుంచి గడిచిన రోజుల మొత్తం. మా తాతగారు గ్రహాలు కట్టాలంటే ముందు అహర్గణం తేలాల్సిందే. కలి ఆరంభం శుక్రవారం. మీ జూలియన్ సంఖ్యలోంచి 588466 తీసేస్తే కలి అహర్గణం వస్తుంది. బొబ్బిలికి 1774349. ఏడుతో భాగిస్తే 3 మిగిలింది. శుక్రవారం నుంచి మూడు, అంటే సోమవారం. యుద్ధం సోమవారం జరిగింది.

అసలైతే వర్ధంతి తిథి ప్రకారం చెయ్యాలి, జనవరి 24 ఏంటి?

వేగావతి_కుర్రాడు

తిథి సంగతి ఇంట్లో మా నాన్నగారు కూడా అంటున్నారండీ. హాలు మాత్రం 24కే బుక్ అయింది.

నాగావళి_నక్షత్రం

సోమవారం సరిపోయింది. కానీ దీన్ని రెండో సాక్ష్యం అనుకోకూడదు సిద్ధాంతి గారూ. మీరు నా సంఖ్యలోంచే 588466 తీశారు. నాది ఒక రోజు తప్పితే మీదీ ఒక రోజు తప్పుతుంది, ఇద్దరం కలిసి ఆదివారం అనేవాళ్లం. మీ తాతగారి పద్ధతిలో మాసాలు, అధికమాసాలు, తిథులతో మొదలుపెట్టి కట్టి ఉంటే అప్పుడది వేరే సాక్ష్యం.

ఇంకొకరి చేతిలో ఉన్న క్యాలెండరుతో పోల్చడం మేలు. మన క్యాలెండరు 400 ఏళ్లకోసారి వారాలతో సహా తిరిగి వస్తుంది. 400 ఏళ్లలో 1,46,097 రోజులు, ఏడుతో నిశ్శేషంగా పోతుంది. కాబట్టి 1757 జనవరి ఎలా ఉందో 2157 జనవరి అలాగే ఉంటుంది. ఫోన్‌లో అంత ముందుకు వెళ్తే 24వ తేదీ సోమవారం కనిపించాలి. సోమవారం నుంచి శనివారానికి అయిదు రోజులు, 98,250ని ఏడుతో భాగిస్తే శేషం కూడా అయిదే. 98,251 అయితే ఆదివారం రావాలి. వారం పరీక్ష పట్టలేనిది ఒక్కటే, సరిగ్గా ఏడు రోజులో, పద్నాలుగు రోజులో తప్పితే.

సిద్ధాంతి_మనవడు

తాతగారు ఎలా కట్టేవారో చెప్తాను. మధ్యమ లెక్కలో అహర్గణం ఒక రోజు అటు ఇటు అవుతుందని వాళ్లకూ తెలుసు. చివర వారం సరిపోకపోతే ఒకటి కలపడమో తీయడమో చేసేవారు. వారమే కాపలా. మీరన్న దాంట్లో తప్పులేదు, నేను అడ్డదారిలో వచ్చాను.

వేగావతి_కుర్రాడు

ఒక నక్షత్రాల యాప్‌లో 1757 జనవరి 24 అర్ధరాత్రి పెట్టి చూస్తే 2362814.27 అని వస్తోంది. అక్క చెప్పింది 2362815. మళ్లీ ఒకటి తేడానా?

నాగావళి_నక్షత్రం

తేడా కాదు, గంటలు. ఖగోళం వాళ్ల రోజు మధ్యాహ్నం పన్నెండుకి మొదలవుతుంది, రాత్రంతా చూసేవాళ్లకు మధ్యలో తేదీ మారకుండా ఉండాలని. అదీ గ్రీనిచ్ మధ్యాహ్నం. మన గడియారంలో సాయంత్రం అయిదున్నర. అంటే 24వ తేదీ సాయంత్రం అయిదున్నరకి యాప్‌లో సరిగ్గా 2362815.0 కనిపిస్తుంది. నువ్వు పెట్టింది మన అర్ధరాత్రి, దానికి పదిహేడున్నర గంటల ముందు. అందుకే 2362814.27.

దశాంశాన్ని కోసేస్తే 2362814 మిగిలి ఒకటి తగ్గినట్టు కనిపిస్తుంది. రెండు తేదీలకూ ఒకే సమయం పెట్టుకుంటే ఆ తప్పు రెండు పక్కలా ఒకేలా పడి తేడా మాత్రం సరిగ్గానే వస్తుంది. ఒకటి యాప్‌లోంచి, ఒకటి సూత్రంలోంచి తీసుకుంటేనే ప్రమాదం.

కోటగుమ్మం

నేను మళ్లీ వచ్చాను. ఇప్పుడు 1752కి ముందు తేదీ. మా విజయనగరం కోటకు శంకుస్థాపన 1713లో, విజయ నామ సంవత్సరం, విజయదశమి, మంగళవారం. ఇక్కడ మంగళవారాన్ని జయవారం అంటారు కాబట్టి అన్నీ విజయాలే అని చెప్పుకుంటాం. దీనికి నంబరు కట్టి కోటకు ఎన్ని రోజులో చెప్పండి.

నాగావళి_నక్షత్రం

చూశాను. 1713లో విజయ సంవత్సరం సరిపోతుంది, 2013లో వచ్చిన విజయకు సరిగ్గా అయిదు అరవైల వెనక. ఆశ్వయుజం మొదలయ్యే అమావాస్య మన ఇప్పటి క్యాలెండరు లెక్కలో సెప్టెంబరు 19 దరిదాపుల్లో పడుతోంది. దశమి సెప్టెంబరు 29 అటు ఇటుగా. సెప్టెంబరు 29 నంబరు 2346992. ఏడుతో భాగిస్తే శేషం 4. జూలియన్ సంఖ్యకు శేషం సున్నా అయితే సోమవారం, కాబట్టి 4 శుక్రవారం. ఒక రోజు అటు ఇటు వేసినా గురువారం, శనివారం. మంగళవారం రావడం లేదు.

కోటగుమ్మం

ఎందుకు రాదు? చీపురుపల్లి తమ్ముడు చెప్పినట్టే `cal 9 1713` కొట్టాను. 29 మంగళవారమే! అందరూ చూసుకోండి. అక్కడే ఉంది నా 11 రోజుల సంగతి.

కోడ్_చీపురుపల్లి

అన్నయ్యా, అదే ఉచ్చు. `cal` 1752 సెప్టెంబరు ముందు నెలలన్నిటికీ పాత ఇంగ్లీషు క్యాలెండరు చూపిస్తుంది. పైథాన్ మాత్రం ఇప్పటి క్యాలెండరునే వెనక్కి ఒకటో సంవత్సరం దాకా లాగుతుంది. ఒకే కంప్యూటర్లో రెండు రకాల సెప్టెంబరు 29లు.

నాగావళి_నక్షత్రం

అవును. మీ పాత లెక్క సెప్టెంబరు 29 అంటే ఇప్పటి లెక్కలో అక్టోబరు 10, నంబరు 2347003. అది మంగళవారమే, కాదనను. కానీ అప్పటికి పౌర్ణమి దాటిపోయి చంద్రుడు తగ్గుతున్నాడు. మంగళవారం దొరికింది, దశమి పోయింది. నేను చెప్పిన దశమి రోజును పాత లెక్కలో రాస్తే సెప్టెంబరు 18 అవుతుంది. పేరు మారినా రోజు అదే, నంబరు అదే, శుక్రవారమే. క్యాలెండరు మార్పు వారాన్ని ముట్టుకోదని పైన బొమ్మలో చూశాం కదా.

కోటగుమ్మం

అంటే మా కోట కథ అబద్ధమంటారా?

నాగావళి_నక్షత్రం

అలా అననండీ. సంవత్సరం, దశమి, మంగళవారం మూడూ ఒకే రోజున కూడలేదు, అంతవరకే నంబరు చెప్పేది. మూడింటిలో ఏది జారిందో అది చెప్పదు.

సిద్ధాంతి_మనవడు

ముహూర్తం ఒక రోజు, పునాదిరాయి ఇంకో రోజు అయి ఉండొచ్చు. లేదా జయవారం అన్నది అందం కోసం తర్వాత చేరి ఉండొచ్చు. అయినా మంగళవారం శంకుస్థాపన అంటేనే మా తాతగారు ఒప్పుకునేవారు కాదు.

కోటగుమ్మం

రాజుల ముహూర్తం వేరు, మన ముహూర్తం వేరు సార్. కోటలో ఉన్న పెద్దాయన ఒకరు నాకు తెలుసు, ఆదివారం వెళ్లి అడుగుతాను. అప్పటిదాకా నేను ఒప్పుకోను.

వేగావతి_కుర్రాడు

ఫ్లెక్సీ అచ్చుకి ఇచ్చేశాను. "98,250 రోజులు". కింద చిన్న అక్షరాల్లో "2030 నవంబరు 9 నాటికి లక్ష రోజులు నిండుతాయి" అని కూడా వేయించాను. ఫ్లెక్సీ అన్న "తేదీ తప్పు పడిందా తమ్ముడూ, 2030 అని ఉంది" అని ఇప్పుడే ఫోన్ చేశాడు.

రిటైర్డ్_ఆమదాలవలస

నేను సోమవారం మళ్లీ ఆఫీసుకు వెళ్తున్నాను. ఈసారి డైరీ తీసుకెళ్లడం లేదు.